పాడ్‌కాస్ట్‌కు బొమ్మ కడితే

పోచంపల్లి నేతన్నతో చేసిన పాడ్‌కాస్ట్‌ను వీడియోగా మార్చాలనుకోండి. ముందు ఆడియో ఎడిటింగ్ పూర్తిచేయాలి. బొమ్మలు పేర్చాక మాటలు కత్తిరిస్తే వరుసంతా జరిగిపోతుంది.

ఇద్దరి గొంతులూ విడివిడి ట్రాకుల్లో ఉంటే చెరో రంగు వేవ్‌ఫామ్ ఇవ్వచ్చు. ఎవరు మాట్లాడుతున్నారో చూడగానే తెలుస్తుంది. కానీ నిమిషాల తరబడి అదొక్కటే కదులుతుంటే విసుగొస్తుంది.

నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతామని నేతన్న చెప్పేచోట, ముడి బిగిస్తున్న వేళ్లను దగ్గరగా చూపండి. చెవికి అందనిది అదే. మగ్గం దృశ్యం వేస్తే చూసేవాళ్లు తికమకపడతారు, రంగు పని మగ్గం ఎక్కకముందే అయిపోతుంది కదా!

కోట్ కార్డు ఆయన ఆ మాట అంటున్నప్పుడే రావాలి. ముందే వస్తే జనం చదివేసి వినడం మానేస్తారు. అక్షరాలు ఫోన్‌లో చదివి సరిచూసుకోండి.