అన్నమూ నెయ్యీ కలిసే చోటు

వేడన్నంలో నెయ్యి కలుపుకుంటాం. కానీ ఇంధనంగా అవి ఒకటయ్యేది కణంలోని మైటోకాండ్రియాలో. అక్కడ రెండూ అసిటైల్ కోఎంజైమ్-ఏ అవుతాయి.

అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజ్‌గా మారుతుంది. గ్లూకోజ్ విరిగితే మూడేసి కార్బన్లున్న పైరువేట్లు రెండు వస్తాయి. పైరువేట్ మైటోకాండ్రియాలోకి చేరాక దాని కార్బన్ ఒకటి కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. మనం వదిలే ఊపిరిలో అదీ ఉంటుంది. మిగిలిన రెండు కార్బన్ల ముక్కను కోఎంజైమ్-ఏ అందుకుంటుంది. ఇదే లింక్ చర్య.

నేతిలో బాగా ఉండే పామిటిక్ ఆమ్లం 16 కార్బన్ల గొలుసు. ఎంజైములు దాన్ని ఒక కొస నుంచి రెండేసి కార్బన్ల చొప్పున కోస్తాయి. చెరకుగడను ఎనిమిది ముక్కలు చేయడానికి ఏడు వేట్లు చాలినట్టే, ఇక్కడా ఏడు కోతలతో ఎనిమిది అసిటైల్ కోఎంజైమ్-ఏలు వస్తాయి. కార్బన్ ఏదీ గాలిలో కలవదు.

లింక్ చర్య నడిపే ఎంజైముకు థయమిన్, అంటే బి1 విటమిన్, తప్పనిసరి. బియ్యానికి పాలిష్ పడితే అది తవుడుతో చాలావరకు పోతుంది. ఆ అన్నమే తప్ప పప్పూ కూరా దొరకని ఇంట్లో లోపం ముదిరితే పైరువేట్ పేరుకుని లాక్టేట్ అవుతుంది. రక్తపరీక్షలో లాక్టేట్ పెరిగి కనిపిస్తుంది. కాళ్లు తిమ్మిరెక్కడం, వాపు, ఆయాసం బెరిబెరి లక్షణాలు.

కొవ్వును కోయడానికి థయమిన్ అక్కర్లేదు. అయినా నెయ్యి పెంచితే ఈ జబ్బు తగ్గదు. ఆ తర్వాతి సిట్రిక్ ఆమ్ల వలయంలో మరో ఎంజైముకూ థయమినే కావాలి.