నాకు సాల్ట్ సోడా చెప్పండి

శనివారం రాత్రి ఎనిమిది. గచ్చిబౌలిలో ఒక రెస్టారెంటు మేడ మీద ఎనిమిది మందిమి కూర్చున్నాం. కొత్త టీము, కొత్త మేనేజరు. నెల రోజులు నిద్ర లేకుండా చేసిన పని ఆ మధ్యాహ్నమే ఒడ్డెక్కింది. వెయిటరు మెనూ బల్ల మీద పెట్టకముందే బీర్ల లెక్క మొదలైంది. "నీకేం చెప్పను భయ్యా?" అని పక్కనున్నతను నా వైపు తిరిగాడు. నేను మందు తాగను. ఆ మాట అనేస్తే అయిపోయేది. "యాంటీబయాటిక్స్ వాడుతున్నా" అన్నాను.

ఆ రాత్రికి గండం గడిచింది. మూడు వారాల తర్వాత మళ్లీ శనివారమే సిట్టింగ్. "కోర్సు అయిపోయిందిగా?" అని అతనే అడిగాడు, పాపం గుర్తుపెట్టుకుని మరీ. ఈసారి "ఇవాళ శనివారం, వెంకన్నకి మొక్కు" అన్నాను. దాని ఫలితం ఏమిటంటే, తర్వాతి పార్టీని నా కోసం శుక్రవారానికి మార్చారు! నా ఇబ్బందిని తీర్చామన్న సంతోషం అందరి మొహాల్లోనూ ఉంది. ఇప్పుడు తాగకపోతే వాళ్లను అవమానించినట్టు, తాగితే నన్ను నేను.

సాకుతో వచ్చే చిక్కు ఇదే. సాకు విన్నవాళ్లు దాన్ని సమస్య అనుకుంటారు, మంచివాళ్లయితే పరిష్కారం వెతుకుతారు. డ్రైవింగ్ ఉందంటే క్యాబ్ బుక్ చేస్తామంటారు. కడుపులో బాగాలేదంటే బీరు చలవ అంటారు. ఒక్కో కారణం చెప్పినకొద్దీ ఒక్కో బేరానికి తలుపు తీసినట్టే.

తెలుగులో ఈ విషయానికి ఉన్న మాటలన్నీ ఒకేలా పనిచేయవు. "తాగకూడదు" అంటే ఎవరో వద్దన్నారన్నమాట. ఆ వద్దన్నది డాక్టరా, భార్యా, దేవుడా అని ఆరా తీస్తారు, ఎదురుగా లేని ఆ మనిషితో వాదన పెట్టుకుంటారు. "మానేశాను" అంటే వెనక ఓ కథ ఉందని అర్థం, అది చెప్పేదాకా వదలరు. "తాగలేను" అంటే అలవాటవుతుందిలే అంటారు. "ఇవాళ వద్దు" అంటే రేపు రమ్మన్నట్టు. మిగిలింది "తాగను". ఈ ఒక్క మాటలో నా అలవాటూ ఉంది, ఇప్పటి నా నిర్ణయమూ ఉంది. రెంటికీ తెలుగులో క్రియ ఒకటే కావడం మన అదృష్టం. వెనెస్సా పాట్రిక్, హెన్రిక్ హాగ్ట్వెట్ అనే పరిశోధకులు 2012లో ఇలాంటి తేడానే ఇంగ్లిషులో పరీక్షించారు. వద్దనుకున్న పదార్థాన్ని "తినకూడదు" అని తమకు తాము చెప్పుకున్నవాళ్ల కంటే "తినను" అని చెప్పుకున్నవాళ్లు మాట మీద ఎక్కువగా నిలబడ్డారు. అది మనసులో అనుకునే మాట గురించి చేసిన పరీక్షే గానీ, నా అనుభవంలో బల్ల దగ్గర కూడా ఆ మాటకే బలం ఎక్కువ.

అయితే "తాగను" దగ్గర ఆగి ఊరుకుంటే బల్ల మీద ఒక ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని పూరించడానికే అందరూ మాట్లాడతారు. ఆ శుక్రవారం నేను చేసింది ఇది. వెయిటరు దగ్గరికి రాగానే ఎవరూ అడగకముందే, "నేను మందు తాగను అన్నా, నాకు సాల్ట్ సోడా చెప్పండి. చికెన్ 65 చెప్పారా, మటన్ ఏదైనా చెప్దామా?" అన్నాను. మూడు ముక్కలు: తాగనన్న సంగతి, బదులుగా ఏం కావాలో, వెంటనే అందరికీ సంబంధించిన ఇంకో ప్రశ్న. మాట మటన్ మీదికి వెళ్లిపోయింది. ముందుగా చెప్పడం ముఖ్యం. అందరికీ గ్లాసులు వచ్చాక చెబితే ఎనిమిది జతల కళ్లు మన మీదే ఉంటాయి.

ఒకాయన వదల్లేదు. "ఒక్క పెగ్గు, నా కోసం" అన్నాడు. "తాగను అన్నా, నువ్వు కానివ్వు" అన్నాను. రెండోసారి అడిగినప్పుడు కొత్త కారణం వెతకకూడదు. అదే మాట, అదే గొంతు, వీలైతే చిన్న నవ్వు. మూడోసారికి అడిగేవాడికే విసుగొస్తుంది. చీర్స్ కొట్టేటప్పుడు సోడా గ్లాసు ఎత్తితే ఎవరికీ అభ్యంతరం ఉండదు, కలిసి ఎత్తామా లేదా అన్నదే వాళ్లకు కావాలి. మందులా కనిపించే మాక్‌టెయిల్ తెప్పించుకుని నెట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు. నాకది నచ్చదు. గ్లాసు ఖాళీ కాగానే ఎవరో ఒకరు ప్రేమగా అసలుది పోస్తారు. చెప్పకుండా గ్లాసులో కలిపితే మాత్రం అది సరదా కాదు. ఆ గ్లాసు పక్కన పెట్టి, లేచి వచ్చేయడమే.

పిలిచినవాళ్లు నొచ్చుకుంటారేమోనన్న భయం మనకే ఎక్కువ. ఆహ్వానాన్ని కాదన్నప్పుడు ఎదుటివాళ్లు ఎంత బాధపడతారని మనం ఊహించుకుంటామో, నిజంగా అంత బాధపడరని 2023లో జూలియన్ గివి, కొలీన్ కర్క్ తమ ప్రయోగాల్లో చూపించారు. పైగా తాగనివాడు మనం అనుకున్నంత ఒంటరివాడేం కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మద్యానికి పేరుమోసిన తెలంగాణలోనే 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు సుమారు 43 శాతం. అంటే సగానికి పైగా తాగరు.

ఇక అసలు ఇబ్బంది తొలి పెగ్గు దగ్గర కాదు, బిల్లు దగ్గర. ఆ రాత్రి తిండికి 6,400, మందుకు 9,600, మొత్తం 16,000 అయింది. సమానంగా పంచితే తలా రెండు వేలు. తాగనివాళ్లం ఇద్దరం. తిండి వరకే అయితే మా వాటా ఎనిమిది వందలు, తాగిన ఆరుగురికీ తలా 2,400. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, దాని మీద వ్యాట్ ఉంటుంది. అందుకే చాలాచోట్ల మందు లెక్క బిల్లులో విడిగా కనిపిస్తుంది, లేదా బిల్లే వేరుగా వస్తుంది. కాగితం ముందే విడగొట్టి ఇస్తుంటే మనం గొంతు విప్పడానికి మొహమాటం ఎందుకు? కాకపోతే బిల్లు వచ్చాక అడిగితే పిసినారితనంలా వినిపిస్తుంది. ఆర్డరు చెప్పేటప్పుడే "మందు బిల్లు వేరుగా తెమ్మనండి" అనేస్తే లెక్కలా వినిపిస్తుంది. తేడా వందా రెండొందలైతే నేను నోరెత్తను.

తాగనివాళ్లం చేసే తప్పు కూడా ఒకటుంది. ఎదుటివాడి పెగ్గులు లెక్కపెట్టడం, లివరు గురించి మాట తేవడం, మర్నాడు ఆఫీసులో రాత్రి ముచ్చట్లు చెప్పడం. వాళ్లు మనల్ని కారణం అడగకూడదనుకుంటే మనం వాళ్లను అడగకూడదు. అలాగని ప్రతి వారం అందరినీ ఇళ్ల దగ్గర దింపే డ్రైవరు ఉద్యోగం కూడా మనది కాదు. ఒకసారి దింపితే సాయం. మూడోసారికి మన కారు చూసుకునే పార్టీ పెడతారు. నేను రెండో రౌండు మధ్యలో, బిర్యానీ తిన్నాక, నా వాటా పంపేసి "సోమవారం కలుద్దాం" అని లేస్తాను. ఆ తర్వాత మాటలన్నీ ఒకటికి రెండుసార్లు వస్తాయి, కొత్తగా వినేదేమీ ఉండదు.

ఈమధ్య ఆర్డరు నేను చెప్పే పని లేదు. ఒకప్పుడు "నా కోసం" అన్న ఆయనే వెయిటరుకు చెబుతాడు: "ఆయనకి సాల్ట్ సోడా. ఐస్ వద్దు."