సముద్రం దాటే రాఖీకి నాలుగు పాదాలు

రాఖీ పౌర్ణమికి విదేశంలో ఉన్న అన్నకో తమ్ముడికో చెల్లెలు లేదా అక్క రాసి పంపే పద్యం, కట్టే చేయి దగ్గర లేని లోటును మాటతో తీర్చడానికి పుట్టింది. రక్షాబంధన వేళ పురోహితులు చదివే సంస్కృత శ్లోకం ఒకటి ఉంది. బలి చక్రవర్తిని కట్టిన రక్షతోనే నిన్నూ కడుతున్నానని అది చెబుతుంది. చివర్లో రక్షనే పిలిచి, కదలకుండా ఉండమని కోరుతుంది. అక్కడ కట్టే మనిషి, కట్టించుకునే మనిషి ఎదురెదురుగా ఉంటారు కనుక మాట దారంతో సాగినా సరిపోతుంది. దూరాన ఉన్నవాడికి దారం కవరులో వెళ్తుంది, దాన్ని ఇంకెవరో కడతారు. అందుకే తోబుట్టువు రాసే పద్యం నేరుగా అతనితోనే మాట్లాడాలి.

తెలుగునాట శ్రావణ పూర్ణిమ చాలా ఇళ్లలో జంధ్యాల పున్నమిగానే ఉండేది. రాఖీ తర్వాత స్థిరపడింది, తెలంగాణలో మరింత గట్టిగా. కాబట్టి ఈ సందర్భానికి తెలుగులో పాతకాలం నుంచి వస్తున్న ఒకే మూస పద్యం అంటూ లేదు. రాసేవాళ్లు తమకు చిన్ననాటి నుంచి చెవిన పడిన ఛందస్సునే ఎంచుకుంటారు. ఎక్కువ మందికి అది ఆటవెలది, వేమన పద్యాలతో బడిలోనే పరిచయమైన నడక.

ఆటవెలది నియమం చిన్నదే. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, వాటి వెనుక రెండు ఇంద్రగణాలు వస్తాయి. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణమంటే మూడు లఘువులు, లేదా ఒక గురువు, దాని పక్కన ఒక లఘువు. ఇంద్రగణాలు ఇంకొంచెం పెద్దవి, ఆరు రకాలు. ప్రతి పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి కుదరాలి. అదే యతి.

మొదటి ఇబ్బంది పిలుపు దగ్గరే ఎదురవుతుంది. ‘అన్నయ్య’ అనే మాటలో రెండు గురువులు పక్కపక్కనే ఉండి, చివర లఘువు వస్తుంది. సూర్యగణం ఏదైనా లఘువుతోనే ముగుస్తుంది కనుక, అయిదూ సూర్యగణాలే ఉన్న పాదంలో రెండు గురువులు ఆనుకుని రావడానికి వీల్లేదు. అంటే రెండో పాదంలోనూ నాలుగో పాదంలోనూ ‘అన్నయ్య’కు చోటే లేదు, మొదటి పాదాన్ని ఆ పిలుపుతో మొదలుపెట్టడమూ కుదరదు. ‘అమెరికా’ కూడా ఇంద్రగణమే. ‘అన్నయ్యా, నువ్వు అమెరికాలో ఉన్నావు’ అని మొదలుపెట్టిన చాలా పద్యాలు ఇక్కడే ఆగిపోతాయి. పిలుపును పాదం వెనుక భాగానికి, ఇంద్రగణాల చోటికి జరిపితే దారి దొరుకుతుంది. ఈ వ్యాసం కోసం అల్లిన పద్యంలో జరిగింది అదే:

దూరమైనదేమి? తోబుట్టువా! నేడు
పున్నమొకటె మనకు, పొద్దు వేరు;
నేను కట్టలేని నీ చేతి మణికట్టు
దారమంది యింటి దారి తలచు.

మొదటి పాదాన్ని విడదీస్తే ‘దూర’, ‘మైన’, ‘దేమి’ అని మూడు సూర్యగణాలు, ‘తోబుట్టు’, ‘వా నేడు’ అని రెండు ఇంద్రగణాలు వస్తాయి. నాలుగో గణం ‘తో’తో మొదలైంది. దకార తకారాలు ఒకే వర్గానివి, ఊకార ఓకారాలకు మైత్రి ఉంది, కాబట్టి ‘దూ’కు ‘తో’ చెల్లింది. రెండో పాదంలో ‘పున్న’, ‘మొకటె’, ‘మనకు’, ‘పొద్దు’, ‘వేరు’ అన్నీ సూర్యగణాలే, యతి ‘పు’కు ‘పొ’. ఇదే పాదాన్ని ‘పున్నమొకటె మనకు రోజు వేరు’ అని రాసినా గణాలు చెడవు, అర్థమూ దాదాపు అదే. కానీ ‘పు’కు ‘రో’ చెల్లదు. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. గణాలు లెక్కపెట్టి సరిపోయాయని కాగితం మడిచేస్తారు. పైకి రెండుసార్లు చదివితే, నాలుగో గణం దగ్గర పాదం తిరిగి ఎత్తుకోకుండా జారిపోవడం చెవికే తెలుస్తుంది.

మూడో పాదంలో ‘నే’కు ‘నీ’ చెల్లింది. నాలుగో పాదం మొదట ‘దారమంటినపుడు తలచు నన్ను’ అని వచ్చింది. గణాలు సరిపోయాయి, ‘దా’కు ‘త’ యతి కూడా కుదిరింది. అయినా దాన్ని వదులుకోవాల్సి వచ్చింది. రక్ష కట్టేది కట్టించుకునేవాడి క్షేమం కోసం. భవిష్యపురాణ కథలో శచీదేవి ఇంద్రుడికి రక్ష కట్టింది అతను యుద్ధంలో గెలవాలనే. ‘నన్ను తలచు’ అనగానే పద్యం రాసినవాళ్ల బెంగ వైపు ఒరిగిపోయింది. ‘ఇంటి దారి తలచు’ అన్నప్పుడు అమ్మానాన్నలు, ఊరు, తిరిగి రావడం అన్నీ చేరాయి, అతను మళ్లీ పద్యానికి నడుమకు వచ్చాడు. ఛందస్సు ఒప్పుకున్న మాటనల్లా ఉంచేయకూడదని చెప్పడానికి ఈ దిద్దుబాటు చాలు. ‘అంది’ తర్వాత ‘ఇంటి’ కాస్తా ‘యింటి’ అయింది, అక్కడ సంధి కలవదు కనుక.

దీవెన మాటలు పద్యంలో విడిగా లేకపోవడం కొందరికి వెలితిగా తోచవచ్చు. ‘చల్లగా ఉండు, నూరేళ్లు వర్ధిల్లు’ వంటివి వచనంలో, కింద రాసే ఉత్తరం ముక్కలో హాయిగా ఒదుగుతాయి. నాలుగు పాదాల్లో వాటిని కూడా కుక్కితే మణికట్టుకు చోటు ఉండదు. అతనికి మాత్రమే చెందిన ఒక వస్తువో చోటో పద్యంలో ఉంటే, అది ఎవరికైనా పంపదగ్గ శుభాకాంక్షల కార్డులా ఉండదు. ‘దారి’ దగ్గర ఊరి పేరు పెట్టాలనుకుంటే ముందు దాని గురులఘువులు చూసుకోవాలి. ‘పాలకొల్లు’ రెండు సూర్యగణాలుగా చక్కగా విడిపోతుంది. ‘కరీంనగరం’ అలా విడిపోదు.

రెండో పాదంలోని ‘పొద్దు వేరు’ పండుగ తేదీకీ వర్తిస్తుంది. పూర్ణిమ ముగిసే క్షణం లోకమంతటికీ ఒక్కటే, గడియారాలే వేరు. 2026లో ఆ క్షణం భారతదేశంలో ఆగస్టు 28 ఉదయం పది గంటలకు కొంచెం ముందు వస్తుంది. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనుక ఉంటుంది కనుక, అక్కడ అప్పటికి ఆగస్టు 27 రాత్రి పదకొండు దాటి ఉంటుంది. ఇక్కడ శుక్రవారం ఉదయం లేచి ఫోన్ చేస్తే అక్కడ గురువారం రాత్రి, పౌర్ణమి దాటబోతుంటుంది. కాబట్టి పద్యంలోని ‘నేడు’ పంపినవాళ్ల రోజు కాక, అందుకున్నవాడి రోజు కావాలంటే రాఖీతో పాటు అక్కడి పంచాంగం ప్రకారం ఏ తేదీన కట్టించుకోవాలో కవరులోనే రాసి పెట్టాలి.

తెలుగు చదవడం వెనకబడిన పిల్లలే అక్కడ రాఖీ కడుతుంటే పద్యాన్ని గొంతుతో రికార్డు చేసి కూడా పంపడం మేలు. చదివేటప్పుడు నాలుగో గణం ముందు చిన్న విరామం ఇచ్చి, ‘తోబుట్టువా’, ‘పొద్దు’, ‘నీ చేతి’, ‘దారి’ దగ్గర గొంతు మళ్లీ ఎత్తుకోవాలి. పద్యాన్ని వచనంలా గబగబా చదివితే కుదిర్చిన యతి వినేవాళ్లకు అందదు.