పదకొండు నెలల జీతం, పదమూడు నెలల అద్దె

మార్చి 31న లెక్కలు ముగించేటప్పుడు ఖర్చుల ఖాతాల్లో కనిపించేది ఆ ఏడాది చెల్లించిన డబ్బే తప్ప ఆ ఏడాదికి అయిన ఖర్చు కాదు. ఈ రెండింటి మధ్య తేడాను సరిచేయడానికి రాసే చిట్టా పద్దులనే సర్దుబాటు పద్దులు అంటారు. వాడుకున్నా ఇంకా డబ్బు కట్టనిది చెల్లించవలసిన ఖర్చు. డబ్బు కట్టినా ఇంకా వాడుకోనిది ముందుగా చెల్లించిన ఖర్చు.

ఉదాహరణకు 2024 ఏప్రిల్ 1న తెరిచిన ఒక బట్టల దుకాణాన్ని తీసుకుందాం. నెలకు జీతాలు రూ. 60,000, అద్దె రూ. 15,000. ఏ నెల జీతమైనా మరుసటి నెల 5న ఇస్తారు. కాబట్టి 2025 మార్చి 31 నాటికి జీతాల ఖాతాలో ఉన్నది 11 నెలల మొత్తం, అంటే రూ. 6,60,000. సిబ్బంది మాత్రం 12 నెలలూ పనిచేశారు. మార్చి జీతాన్ని ఇలా చేర్చాలి:

జీతాల ఖాతా, డెబిట్ రూ. 60,000
చెల్లించవలసిన జీతాల ఖాతాకు, క్రెడిట్ రూ. 60,000
(మార్చి నెల జీతాలు బకాయి ఉన్నందున)

దీంతో లాభనష్టాల ఖాతాకు రూ. 7,20,000 వెళ్తుంది. బకాయి రూ. 60,000 ఆస్తి అప్పుల పట్టీలో అప్పుల వైపు చేరుతుంది. కరెంటు ఖర్చుకూ ఇదే పద్ధతి. మార్చిలో కాలిన కరెంటుకు బిల్లు ఏప్రిల్‌లో వస్తుంది గనుక, పాత బిల్లులను బట్టి అంచనా వేసి రాస్తారు. బిల్లు చేతికి రాలేదని ఆ ఖర్చును వదిలేయడం చిన్న దుకాణాల లెక్కల్లో తరచుగా కనిపించే పొరపాటు.

అద్దె విషయం దీనికి తలకిందులు. జనవరి దాకా నెలనెలా కట్టిన దుకాణం, ఫిబ్రవరి 1న మూడు నెలల అద్దె రూ. 45,000 ఒకేసారి కట్టింది. అద్దె ఖాతాలో ఇప్పుడు 13 నెలల మొత్తం రూ. 1,95,000 ఉంది. అందులో ఏప్రిల్ అద్దె వచ్చే ఏడాదిది.

ముందుగా చెల్లించిన అద్దె ఖాతా, డెబిట్ రూ. 15,000
అద్దె ఖాతాకు, క్రెడిట్ రూ. 15,000
(2025 ఏప్రిల్ అద్దె ముందే కట్టినందున)

దుకాణం తీసుకునేటప్పుడు యజమానికి ఇచ్చే అడ్వాన్స్‌ను దీనితో కలపకూడదు. ఖాళీ చేసినప్పుడు తిరిగి రావలసిన డిపాజిట్ అది. నెలలు గడిచినా తరగదు కాబట్టి మొదటి నుంచీ విడిగా ఆస్తిగానే ఉంటుంది.

బీమాలో నెలలతో పాటు రోజులనూ చూడాలి. ఈ దుకాణం అగ్నిప్రమాద బీమాకు అక్టోబర్ 1న ఏడాది ప్రీమియం రూ. 36,500 కట్టింది. పాలసీ 2025 సెప్టెంబర్ 30 దాకా ఉంటుంది. నెలల లెక్కన సగం, అంటే రూ. 18,250 మిగులుతుంది. రోజుకు రూ. 100 చొప్పున చూస్తే మార్చి 31 నాటికి 182 రోజులు గడిచి 183 మిగిలాయి, అప్పుడది రూ. 18,300. ఇంత చిన్న తేడాకు ఏ పద్ధతైనా పరవాలేదు గానీ, ఎంచుకున్నదాన్ని ఏటా అలాగే కొనసాగించాలి. పాలసీ నెల మధ్యలో మొదలైతే మాత్రం రోజుల లెక్కే మేలు. ఇక్కడ నెలల లెక్కన:

ముందుగా చెల్లించిన బీమా ఖాతా, డెబిట్ రూ. 18,250
బీమా ఖాతాకు, క్రెడిట్ రూ. 18,250
(ఆరు నెలల బీమా గడువు మిగిలి ఉన్నందున)

జీతం పద్దు లాభాన్ని రూ. 60,000 తగ్గించింది, అద్దె, బీమా పద్దులు కలిసి రూ. 33,250 పెంచాయి. సర్దుబాటుకు ముందు లాభం రూ. 4,00,000 అనుకుంటే, నిజమైన లాభం రూ. 3,73,250.

అసలు చిక్కు ఏప్రిల్‌లో వస్తుంది. 5న జీతాలు ఇచ్చేటప్పుడు గుమాస్తా అలవాటుగా జీతాల ఖాతాకే డెబిట్ రాస్తే, మార్చి జీతం రెండు సంవత్సరాల్లోనూ ఖర్చుగా పడుతుంది. రాయవలసింది ఇది:

చెల్లించవలసిన జీతాల ఖాతా, డెబిట్ రూ. 60,000
నగదు ఖాతాకు, క్రెడిట్ రూ. 60,000

అలా కాకుండా, ఏప్రిల్ 1నే మార్చి 31 నాటి పద్దును తిరగేసి రాసే పద్ధతీ ఉంది. అప్పుడు 5వ తేదీ చెల్లింపును మామూలుగా జీతాల ఖాతాకే రాయవచ్చు. ముందుగా చెల్లించిన అద్దెను ఏప్రిల్‌లో అద్దె ఖాతాకూ, బీమాను సెప్టెంబర్‌లోగా బీమా ఖాతాకూ తిరిగి మార్చాలి.

తప్పు జరిగిందో లేదో కనుక్కోవడానికి మే నెలలో ఆవర్జా తెరిస్తే చాలు. చెల్లించవలసిన జీతాల ఖాతాలో రూ. 60,000 ఇంకా నిలిచి ఉంటే, ఇచ్చేసిన జీతం పుస్తకంలో అప్పుగానే మిగిలిందన్నమాట.