వారం వారమా, ఒక్క ఊపులోనా?

2001లో జెమినీ టీవీలో ‘అమృతం’ మొదలైంది. ఆదివారం రాత్రి ఆ అరగంట చుట్టాలింట్లో గడిచిపోతే ఆ వారం కథ పోయినట్టే. అయినా పై ఆదివారం కూర్చుంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. అమృతరావు, ఆంజనేయులు కొత్త పథకం వేస్తారు, అది బెడిసికొడుతుంది, అమృత విలాస్ మళ్లీ మొదటికొస్తుంది. ఏ వారం కథ ఆ వారానికే ముగిసేది. గుణ్ణం గంగరాజు బృందం ఆరేళ్లలో మూడు వందలకు పైగా ఎపిసోడ్లు తీసింది.

అవన్నీ ఇప్పుడు యూట్యూబ్‌లో దొరుకుతున్నాయి. వరసగా ఎనిమిది పెట్టుకుని చూడండి. నాలుగోదానికల్లా పథకం ఎక్కడ తిరగబడుతుందో ముందే తెలిసిపోతుంది, నవ్వు పలచబడుతుంది. సీరియల్‌లో లోపమేమీ లేదు. వారం ఎడం ఉంటుందని తెలిసి రాసిన హాస్యం అది. రోజుకొకటి చొప్పున, రాత్రి భోజనాల దగ్గర చూస్తే ఇప్పటికీ పండుతుంది.

వెబ్ సిరీస్ ‘దూత’ సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. 2023 డిసెంబరు 1న ఎనిమిది ఎపిసోడ్లూ ఒకేసారి వచ్చాయి. జరగబోయే ప్రమాదం ముందే అచ్చయి ఉన్న పేపరు ముక్క ఒకటి పాత్రికేయుడైన సాగర్ చేతికి వస్తుంది. ఆ తర్వాత ఒక్కో ముక్కా పాత సంగతి ఒకదాన్ని తవ్వుతూ పోతుంది. మొదట్లో కంటికి ఆనని చిన్న వివరం చాలాసేపటి తర్వాత పనికొస్తుంది. దీన్ని వారానికొకటిగా చూస్తే, సగం దాటేసరికి ఎవరు ఎవరికి ఏమవుతారో మరిచిపోతాం. రెండు మూడు రాత్రుల్లో ముగించాల్సిన కథ ఇది.

కాబట్టి నేను మొదట చూసేది ఎపిసోడ్ ఎక్కడ ఆగిందన్నదే. కథ ఒక కొలిక్కి వచ్చి ఆగితే తొందర అక్కర్లేదు. ప్రశ్న దగ్గర ఆగితే, ఆ ప్రశ్న మీద ఇంట్లో ఎవరైనా మర్నాడు మాట్లాడుకుంటున్నారా అని గమనిస్తాను. మాట్లాడుకుంటున్నారంటే వారం ఎడం కథకు బలమే. ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్న రోజుల్లో యండమూరి పాఠకులను అలా ఊహల్లోనే వారమంతా తిప్పారు. అలా కాక, ‘ఆ పోలీసాయన పేరేంటి, వాళ్ల తమ్ముడు చనిపోయాడా?’ అన్న ప్రశ్నలు వస్తున్నాయంటే మాత్రం ఎడం ఎక్కువైనట్టు. ఆ సిరీస్ అంతా వచ్చేదాకా ఆగడమే మేలు.

జ్ఞాపకం మీద మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. 2017లో దాని ఫలితాలు ప్రచురించారు. బీబీసీ వారి ఆరు ఎపిసోడ్ల గూఢచారి కథను విద్యార్థుల్లో కొందరికి ఒక్క బిగిన, కొందరికి రోజుకొకటి, కొందరికి వారానికొకటి చూపించారు. మర్నాటికి బాగా గుర్తున్నది ఒక్క బిగిన చూసినవాళ్లకే. కొన్ని నెలలకు ఎక్కువగా మరిచిపోయిందీ వాళ్లే. పైగా, తమకు కథ అంతగా నచ్చలేదని చెప్పిందీ వాళ్లే. పాల్గొన్నది 51 మందే కనుక దీన్ని శాసనంగా తీసుకోనక్కర్లేదు గానీ, ఒక్క రాత్రిలో చూసేసిన సిరీస్ ఏడాదికి పేరు తప్ప మిగలకపోవడం చాలామందికి అనుభవమే.

ఇక డబ్బు. 2013లో నెట్‌ఫ్లిక్స్ ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ పదమూడు ఎపిసోడ్లనూ ఒకే రోజు వదిలి కొత్త అలవాటు నేర్పింది. తర్వాత చాలా వేదికలు మళ్లీ వారాల పద్ధతికి మొగ్గాయి. అన్నీ ఒకేసారి ఇస్తే నెల చందా కట్టినవాళ్లు చూసేసి వెళ్లిపోతారు మరి.

చేవెళ్ల రోడ్డులో, మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్‌లో నేనెరిగిన ఒక ఇంట్లో ఈ లెక్క కాగితం మీద వేశారు. ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్. మొదటి శుక్రవారం రెండు, తర్వాత వారానికొకటి. చివరిది ఏడో శుక్రవారం, అంటే మొదలైన 42 రోజులకు వస్తుంది. మొదటి రోజే నెల చందా కడితే రెండోసారి కట్టక తప్పదు. ‘అయితే అంతా అయినంక కడదాం అత్తమ్మా’ అంది కోడలు. ‘అప్పటిదాంక ఆ ఫోన్లల్ల అందరు కథ చెప్పెయ్యరా బిడ్డా?’ అని పెద్దావిడ.

ఇద్దరి మాటా నిజమే. చివరి ఎపిసోడ్ వచ్చిన మర్నాటికి హంతకుడెవరో రీల్స్‌లో తిరుగుతూ ఉంటుంది. వాళ్లు ఎంచుకున్న దారి నాకు నచ్చింది. ఐదో శుక్రవారం చందా కట్టారు. అప్పటికి ఆరు ఎపిసోడ్లు సిద్ధంగా ఉన్నాయి. వారం పాటు దాదాపు రోజుకొకటి చూశారు. ఏడోది, ఎనిమిదోది అందరితో పాటు ఆయా శుక్రవారాల రాత్రే చూశారు. ఒక్క నెల చందాతో సరిపోయింది. ముగింపు ఎవరూ ముందే చెప్పెయ్యలేదు, చివరి రెండు వారాలూ అత్తాకోడళ్లు హంతకుడి గురించి వాదించుకున్నారు కూడా.

ఈ పద్ధతి కుదరాలంటే చివరి ఎపిసోడ్ తేదీ ముందే తెలియాలి. సిరీస్ పేజీలో ‘ప్రతి శుక్రవారం కొత్త ఎపిసోడ్’ అని ఉండి మొత్తం ఎన్నో చెప్పకపోతే, లెక్క వేయడానికి ఆధారమే ఉండదు. ఒక సీజన్‌ను రెండు భాగాలుగా, మధ్యలో నెల విడిచి ఇచ్చేవాటికీ ఇది పనికిరాదు. 2022లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ నాలుగో సీజన్ మే 27న కొంత, జులై 1న మిగతాది వచ్చింది. అలాంటివాటికి రెండో భాగం వచ్చాకే చందా కట్టాలి, కథ ముందే తెలిసిపోయినా సరేననుకోవాలి.