ఒంటరి రచనకే ముందు వరస

పుస్తకం చివర ఇచ్చే గ్రంథాల జాబితాలో ఒకే రచయిత పేరు పదేపదే వస్తే ఏది ముందు? ఏపీఏ పద్ధతిలో సంవత్సరం కన్నా ముందు చూసేది, ఆయనతో కలిసి రాసినవాళ్లున్నారా అన్నది.

డేనియల్ కానమన్‌నే తీసుకోండి. ఆయన ఒక్కరే రాసిన 1973, 2011 పుస్తకాలు మొదట వస్తాయి. ట్వర్‌స్కీతో రాసిన 1979 వ్యాసం 2011 పుస్తకం కన్నా పాతదే, అయినా దాని వెనకే ఉండాలి. మరి క్నెచ్, థేలర్‌లతో రాసిన 1990 వ్యాసం? అది ఆ 1979 వ్యాసానికీ ముందే. ఇంగ్లీషు అక్షరక్రమంలో రెండో రచయిత క్నెచ్ ‘కె’, ట్వర్‌స్కీ ‘టి’ కదా! పేర్లన్నీ అదే వరసలో కలిస్తేనే సంవత్సరం చూడాలి.

కంప్యూటర్‌లో మొదటి పేరు, సంవత్సరం మాత్రమే చూసి పేరిస్తే 1973 పక్కనే 1979 వచ్చి కూర్చుంటుంది. తప్పు అక్కడే పట్టుబడుతుంది. ట్వర్‌స్కీ పేరు ముందున్న 1974 వ్యాసాన్ని మాత్రం కానమన్ దగ్గర వెతకొద్దు, అది ‘టి’లో ఉంటుంది.