లిస్టు చదవకముందు చెప్పాల్సిన నాలుగు మాటలు

2025 జనవరి 21 నుంచి 24 దాకా తెలంగాణ ఊళ్లలో గ్రామసభలు పెట్టారు. కొత్త రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్లు, రైతు భరోసా, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పథకాల జాబితాలు సభలో చదివి, అభ్యంతరాలు వినాలన్నది ఏర్పాటు. చాలాచోట్ల జాబితా పూర్తి కాకముందే గొడవ మొదలైంది. పేర్లు లేనివాళ్లు లేచి అధికారులను నిలదీశారు. కొన్ని ఊళ్లలో పోలీసుల పహరాలోనే సభ ముగించాల్సి వచ్చింది.

ఆ కోపానికి ఒక చరిత్ర ఉంది. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు జరిగిన ప్రజాపాలనలో జనం బారులు తీరి దరఖాస్తులు ఇచ్చారు, రసీదులు తీసుకున్నారు. ఏడాది తర్వాత సభకు వస్తే ఆ పేరు జాబితాలో లేదు. పేరు లేకపోతే మళ్లీ దరఖాస్తు పెట్టుకోండన్నారు. పైగా మైకు పట్టుకున్న మనిషి ఆ జాబితా తయారు చేసినవాడు కాదు. సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లోనే ముగిసి, ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతికి పోయాయి. ఊరు ఎన్నుకున్న మనిషి వేదిక మీద లేడు. పంచాయతీ కార్యదర్శి, మండలం నుంచి వచ్చిన ఒకరిద్దరు ఉద్యోగులు, ముందర వందల మంది జనం.

అలాంటి చోట మొదటి రెండు నిమిషాల్లో ఏం మాట్లాడాలన్నది ముందే కాగితం మీద రాసుకోదగ్గ సంగతి. మన ఆఫీసుల్లో ఎవరూ రాసుకోరు. జాబితా రాసుకొస్తారు, అర్హతల నిబంధనలు రాసుకొస్తారు, కోపంగా ఉన్నవాళ్లతో మొదట అనాల్సిన మాట మాత్రం అప్పటికప్పుడు నోటికి ఏది వస్తే అది. అప్పుడు వచ్చేవి మూడే మూడు. ‘దయచేసి శాంతించండి.’ ‘మీ ఆవేదన మాకు అర్థమైంది, కానీ...’ ‘పైవాళ్ల దృష్టికి తీసుకెళ్తాం.’ మొదటిది, నీ కోపమే ఇక్కడ సమస్య అంటుంది. రెండోది ‘కానీ’ దగ్గర తనను తానే కొట్టేసుకుంటుంది, అప్పటిదాకా అన్నది ఎవరికీ గుర్తుండదు. మూడోదాన్ని జనం ఎన్నిసార్లు విన్నారో చెప్పేదేముంది.

ప్రమాదాల గురించి ప్రజలతో ఎలా మాట్లాడాలన్న విషయంలో అమెరికాలో పీటర్ శాండ్‌మన్ అనే నిపుణుడు చాలాకాలం పనిచేశాడు. జనం దృష్టిలో ప్రమాదం అంటే హాని, ఆగ్రహం రెండూ కలిసినదని ఆయన సూత్రం. ఫ్యాక్టరీలు, చెత్త డంపుల గురించి జరిగే సభలను చూసి ఆయన తేల్చిన సంగతి ఏమిటంటే, ఆగ్రహంతో ఉన్న మనిషికి లెక్కలు చెబితే లెక్కలు ఎక్కవు సరికదా, తన మాట వినడం లేదన్న కోపం ఇంకా పెరుగుతుంది. ముందు ఆ ఆగ్రహానికి కారణం ఉందని ఒప్పుకోవాలి, లెక్కలు తర్వాత. రేషన్ కార్డు విషయంలోనూ ఇంతే. ఆదాయ పరిమితి ఎంత, సర్వేలో ఏం తేలింది అన్నది నిజమైన జవాబే కావచ్చు. దాన్ని రెండో నిమిషంలో చెప్పాలి.

ఒప్పుకోవడం అంటే ఏమిటన్న దగ్గరే చాలామంది తడబడతారు. ‘మీరు బాధలో ఉన్నారని తెలుసు’ అనడం ఒప్పుకోవడం కాదు. అది ఎదుటివాడి మనసు గురించి మనం ఇచ్చే తీర్పు. ఒప్పుకోవడం అంటే అతనికి ఏం జరిగిందో అతని వరసలోనే తప్పు లేకుండా తిరిగి చెప్పడం. అది విని ‘ఆఁ, అదే’ అని అతను తలూపాలి. ఆ తలూపు వచ్చేదాకా జవాబు మొదలుపెట్టకూడదు. ఇందులో మీరు చెప్పిందంతా నిజమేనన్న అంగీకారం లేదు, తప్పు మాదేనన్న ఒప్పుకోలూ లేదు. ఉద్యోగులకు ఉండే భయం ఆ రెండో దాని గురించే. జరిగింది చెప్పడానికి, తప్పు నెత్తిన వేసుకోవడానికి తేడా ఉంది.

ఒక ఊహ చేద్దాం. ఒక ఊరి బడి ఆవరణలో సభ. కార్యదర్శి జాబితా తెరవకముందే ఇలా మొదలుపెట్టాడనుకోండి.

“అందరికీ నమస్కారం. లిస్టు చదివే ముందు ఒక మాట. ఏడాది కింద ప్రజాపాలనల మీరంతా పని ఇడిసిపెట్టి లైన్ల నిలబడ్డరు, దరఖాస్తు ఇచ్చిన్రు. రసీదు మీ చేతుల ఉంది. ఈ లిస్టుల మాత్రం అందులో చాలామంది పేర్లు లేవు. ఏడాది ఎదురుచూసి వచ్చినోళ్లకు ఇది కోపం తెప్పించే ముచ్చటే. నేను చెప్పిన దాంట్ల ఏమన్న తప్పుంటే ఇప్పుడే చెప్పున్రి.”

ఇక్కడ ఆగాలి. ఆగడం స్క్రిప్టులో రాసుకోవాల్సిన పనే, ఎందుకంటే మైకు చేతిలో ఉన్నవాడికి నిశ్శబ్దం భరించడం కష్టం. ఎవరో ఒకరు లేస్తారు. ఒకామె లేచిందనుకుందాం.

“రసీదు ముచ్చట పక్కకు పెట్టు సారూ. నా పెండ్లయి ఏండ్లాయె. మా అత్తోళ్ల కార్డుల నా పేరు ఎక్కలే, నా పిల్లల పేర్లు ఎక్కలే. మనిషికి ఆరు కిలోలంటరు, మా ఇంట్ల ముగ్గురి బియ్యం ఎవరు తిన్నరు?”

ఆ ‘ఎవరు తిన్నరు’ అన్న మాట విని ఉలిక్కిపడి, ఎవరూ తినలేదమ్మా, కోటా విధానం ఏమిటంటే అని మొదలుపెట్టాడంటే సభ చేజారినట్టే. ఆమె అడిగింది దొంగ ఎవరని కాదు. స్క్రిప్టులో దీనికి వాక్యం ఉండదు, ఉండాల్సింది ఒక పద్ధతి. ఆమె మాటల్లోంచే ఒక ముక్క తీసుకుని జవాబు మొదలుపెట్టాలి.

“అక్కా, నువ్వు, ఇద్దరు పిల్లలు, ముగ్గురి పేర్లు కార్డుల లేవు. పెండ్లయిన కాన్నుంచి ముగ్గురి బియ్యం రాలేదు. అంతేనా?”

“అంతే.”

“ఇయ్యాల నేను చేయగలిగేది ఒకటి, చేయలేనిది ఒకటి. కార్డు మంజూరు చేసే అధికారం నాకు లేదు, అది మండలంల, ఆపైన తేలుతది. నీ దరఖాస్తు ఇప్పుడే ఈ టేబుల్ కాడ తీసుకుంట, రిజిస్టర్‌ల రాస్త, నంబరేసి రసీదు ఇస్త. వచ్చే గ్రామసభల నీ నంబరు పిలిచి అది ఏడిదాక వచ్చిందో అందరి ముందు చెప్త.”

ఈ నాలుగు ముక్కల వరసను మార్చకూడదు. ముందు ఆమెకు జరిగింది, తర్వాత అంతేనా అన్న ప్రశ్న, తర్వాత తన చేతిలో లేనిది, చివర తన చేతిలో ఉన్నది. చేతిలో లేనిదాన్ని ముందు చెప్పడం వింతగా అనిపించవచ్చు. చేయగలిగింది ముందు చెప్పి, చేయలేనిది చివర గొణిగితే జనం చివరిదే ఇంటికి మోసుకుపోతారు, పైగా దాచి చెప్పాడన్న అనుమానం మిగులుతుంది. రెండు భాగాల మధ్య ‘కానీ’, ‘అయితే’, ‘కాకపోతే’ రాకూడదు. వాక్యం ముగించి కొత్త వాక్యం మొదలుపెడితే చాలు. రాసుకున్న కాగితంలో ఈ మూడు మాటలు ఎక్కడున్నా ముందే కొట్టేయడం మంచిది, వేదిక మీద గుర్తుండదు.

క్షమాపణ సంగతి సున్నితమైనది. ‘పొరపాటు జరిగింది’ అనేది మన ఆఫీసు తెలుగులో అందరికీ ఇష్టమైన వాక్యం, అందులో చేసినవాడు ఉండడు. జనానికి అది వెంటనే తెలుస్తుంది. జాబితా తాను తయారు చేయనప్పుడు ఆ తప్పు తనదని కార్యదర్శి చెప్పడమూ అబద్ధమే. తనవైన వాటికి మాత్రం సూటిగా చెప్పాలి. ‘సభ పది గంటలకని చాటింపు వేయించిన, పన్నెండుకు మొదలైంది. ఎండల కూచోబెట్టిన, అది నా తప్పు’ అనగలిగినవాడి మిగతా మాటలకు కొంత విలువ వస్తుంది.

ఈ పద్ధతి ఎక్కడ చెడుతుందో తెలుసుకోవడం తేలికే. పదో మనిషికి కూడా మొదటి మనిషికి చెప్పిన వాక్యమే చెబితే, అది పాఠం అని సభ మొత్తానికి తెలిసిపోతుంది. ఎవరో వెనక నుంచి ఆ వాక్యాన్ని అధికారి కంటే ముందే అందుకుంటారు, నవ్వులు లేస్తాయి. అప్పటికి ఆలస్యమైనట్టే. అందుకే ప్రతి జవాబులో ఆ మనిషికే చెందిన వివరం ఒకటి తప్పనిసరి, పిల్లల సంఖ్యో, దరఖాస్తు పెట్టిన నెలో, కూలిన గోడో. ఇందిరమ్మ ఇల్లు రాని మనిషితో రేషన్ కార్డు వాక్యం మాట్లాడితే అంతకంటే అవమానం లేదు.

గొడవ చేయడానికే వచ్చేవాళ్లూ ఉంటారు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా అవతలి పార్టీవాళ్లు సభకు వస్తారు, అది వాళ్ల హక్కు. వాళ్లు ఈ మాటలకు చల్లబడరు, చల్లబడాలని ఆశించడమూ దండగ. నా లెక్కలో వాళ్లకిచ్చే జవాబు వాళ్ల కోసం కాదు, నోరు విప్పకుండా వెనక కూచున్నవాళ్ల కోసం. ‘మీరు రాజకీయం చేస్తున్నారు’ అన్న క్షణాన నిజంగా పేరు పోయిన ముసలమ్మ కూడా రాజకీయం చేసినట్టే అవుతుంది. మనిషిని వదిలి ప్రశ్నను పట్టుకోవాలి. ‘ఈయన అడిగిన ప్రశ్న ఇక్కడ చాలామందిది, అందరికీ కలిపి చెప్త’ అంటే చాలు. ఇక మైకు ఆపించడం, పోలీసులను ముందుకు పిలవడం లాంటివి చేశాక ఏ స్క్రిప్టూ పనిచేయదు.

విన్నదాన్ని తిరిగి చదివి వినిపించడం కొత్త ఆలోచనేమీ కాదు. పరిశ్రమలకు పర్యావరణ అనుమతుల కోసం జరిపే ప్రజాభిప్రాయ సేకరణలో, 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ దాన్ని తప్పనిసరి చేసింది. సభలో వచ్చిన అభిప్రాయాలు, ఆందోళనల సారాంశాన్ని కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి నమోదు చేసి, సభ ముగిసే ముందు స్థానిక భాషలో జనానికి వివరించి చదవాలి. గ్రామసభలోనూ చివరి పది నిమిషాలు దీనికి కేటాయించవచ్చు. ఎవరెవరు ఏం అడిగారో రిజిస్టర్‌లోంచి పైకి చదవడమే, కొత్తగా మాట్లాడాల్సింది ఏమీ లేదు.

మాటలతో కార్డు రాదు. పైనుంచి జాబితా తప్పులతో దిగినప్పుడు కార్యదర్శి ఎంత బాగా మాట్లాడినా ఆ పేరు అందులో ఎక్కదు. ‘వచ్చే సభలో నీ నంబరు పిలుస్తాను’ అని చెప్పి పిలవకపోతే, మొదటిసారి జనం చూపిన ఓపికంతా రెండోసారి ఎదురుతిరుగుతుంది. అప్పుడు ఎంత నిజాయితీగా ఒప్పుకున్నా నాటకంలాగే వినిపిస్తుంది. అందుకే తేదీ గానీ, నంబరు గానీ నిలబెట్టుకోలేనివాళ్లు ఈ స్క్రిప్టు జోలికి పోకపోవడమే నయం. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరపమంటోంది. మీ ఊళ్లో ఈసారి సభ జరిగినప్పుడు, కొత్త జాబితా తెరవకముందే పోయిన సభ రిజిస్టర్ చదవమని అడగండి.